వాష్‌డౌన్, సైఫానిక్ కమోడ్‌లు: ఫ్లష్ పనితీరు, శబ్దం

1. ప్రవేశిక

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో శానిటరీ దుకాణానికి వెళ్లి కమోడ్ చూపించమంటే, దుకాణదారు సాధారణంగా రంగు, ఆకారం, ధరతో మాట మొదలుపెడతారు. సింగిల్ పీసా, వాల్ హంగా, మూత మెల్లగా దిగుతుందా అన్నవి చెబుతారు. నీరు మలాన్ని ఏ పద్ధతిలో బయటికి పంపుతుందన్న ప్రశ్న చాలాసార్లు చర్చకే రాదు. పెట్టె మీద మాత్రం ‘వాష్‌డౌన్’ అనో ‘సైఫానిక్’ అనో రాసి ఉంటుంది. ఇంట్లో బిగించిన రెండేళ్ల తరువాత కమోడ్ ఎలా పని చేస్తుందో, అర్ధరాత్రి ఎంత చప్పుడు చేస్తుందో చాలావరకు ఆ ఒక్క మాటే నిర్ణయిస్తుంది.

ఈ భాగం చదివిన తరువాత మీరు ఏ కమోడ్‌ను చూసినా అది ఏ రకమో గుర్తుపట్టగలుగుతారు. ఫ్లష్ బలహీనపడితే లోపం ట్యాంకులో ఉందా, కమోడ్‌లో ఉందా, బయటి పైపులో ఉందా అని ఒక బకెట్ నీళ్లతో తేల్చగలుగుతారు. బోరు నీళ్లు వాడే ఇంట్లో ఈ రెండు రకాలు ఎందుకు వేర్వేరుగా దెబ్బతింటాయో కూడా వివరించగలుగుతారు.

2. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది: ట్రాప్

ఏ కమోడ్‌లోనైనా గిన్నె అడుగు నుండి దారి నేరుగా కిందికి పోదు. కొంచెం పైకి లేచి, ఒక గట్టు దాటి, ఆ తరువాత కిందికి దిగుతుంది. ఈ వంపునే ట్రాప్ అంటాం. దానిలో ఎప్పుడూ నిలిచి ఉండే నీరు సెప్టిక్ ట్యాంకు వాసనను, పురుగులను ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటుంది. మామూలు కమోడ్‌లలో ఈ నీటి మూత లోతు కనీసం 50 మి.మీ. ఉండేలా చూస్తారు.

ట్రాప్‌లోని గట్టును అర్థం చేసుకోవడానికి మన చెరువు మత్తడిని గుర్తు తెచ్చుకోండి. వాన పడి నీరు మత్తడి అంచును దాటితే, ఎక్కువైనంత నీరు మాత్రమే అవతలికి దుంకుతుంది. చెరువు ఖాళీ కాదు, మత్తడి ఎత్తు వరకు నీరు అలాగే నిలుస్తుంది. కమోడ్ గిన్నె కూడా ఒక చిన్న చెరువే. ఒక మగ్గు నీళ్లు మెల్లగా పోసి చూడండి. గిన్నెలో మట్టం పెరగదు, పోసినంత నీరు మత్తడి దాటి పోతుంది. వాష్‌డౌన్‌లోనూ సైఫానిక్‌లోనూ ఇంతవరకు తేడా లేదు. నీరు వేగంగా వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది.

3. వాష్‌డౌన్: నెట్టే నీరు

వాష్‌డౌన్ కమోడ్‌లో గిన్నె గోడలు నిటారుగా ఉంటాయి, అడుగున నీరు కనిపించే మేర చిన్నది. ట్రాప్ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఫ్లష్ నొక్కగానే ట్యాంకులోని నీరు అంచు నుండి గోడల మీదుగా దూసుకువచ్చి, అడుగున ఉన్న నీటిని, మలాన్ని ఒక్క తోపుతో మత్తడి అవతలికి నెడుతుంది. పని చేసేది నీటి వేగం, బరువు మాత్రమే. ట్రాప్ దారి నిండా నీరు నిండదు, నిండాల్సిన అవసరమూ లేదు.

మన దగ్గర పాత ఇళ్లలో కనిపించే కమోడ్‌లలో ఎక్కువ భాగం ఈ రకమే. నేల మీద కూర్చునే ఇండియన్ బేసిన్ కూడా నీటి తోపుతోనే పని చేస్తుంది. ఈ సూత్రాన్ని దాని చివరి హద్దు దాకా తీసుకువెళ్లినది గ్రామీణ రెండు గుంతల మరుగుదొడ్డిలో వాడే బేసిన్. ఆదిలాబాద్ జిల్లా పల్లెల్లో మీరు దాన్ని చూసే ఉంటారు. దాని గిన్నె వాలు 25 నుండి 28 డిగ్రీలు, నీటి మూత లోతు కేవలం 20 మి.మీ. మత్తడి అంత తక్కువగా ఉండటం వల్ల చెంబుతో పోసే ఒకటిన్నర, రెండు లీటర్ల నీరే మలాన్ని అవతలికి నెట్టగలుగుతుంది. నీళ్లు మోసుకొచ్చుకునే ఇంటికి ఇది బాగా ఆలోచించి చేసిన రూపకల్పన. పట్టణాల ఇండియన్ బేసిన్‌లో వాలు తక్కువ, నీటి మూత లోతు ఎక్కువ, అందుకే దానికి నీరు కూడా ఎక్కువ కావాలి.

వాష్‌డౌన్ బలహీనత గిన్నెలోనే ఉంది. నీరు ఉండే చోటు చిన్నది కాబట్టి మలం కొన్నిసార్లు పొడి గోడను తాకి అక్కడ చార మిగులుతుంది, బ్రష్ పట్టక తప్పదు. వాసన కూడా కొంచెం ఎక్కువే, ఎందుకంటే నీటిలో మునగనిది గాలికి తగులుతూ ఉంటుంది. దీనికి బదులుగా వెడల్పైన ట్రాప్ వల్ల అది త్వరగా అడ్డుపడదు.

4. సైఫానిక్: లాగే నీరు

మోటారు లేకుండా డ్రమ్ములోని నీటిని రబ్బరు పైపుతో తీయడం మీరు చూసే ఉంటారు. పైపు నిండా నీరు ఉండి, బయటి కొస డ్రమ్ములోని నీటి మట్టం కన్నా కిందికి ఉంటే, నీరు డ్రమ్ము అంచు ఎక్కి మరీ బయటికి దిగుతుంది. బయటి వైపు వేలాడే నీటి బరువు లోపల పీడనాన్ని తగ్గిస్తుంది, డ్రమ్ములోని నీటి మీద గాలి వేసే ఒత్తిడి దాన్ని పైపులోకి తోస్తుంది. దీన్నే సైఫన్ అంటాం. ఇది నడవడానికి ఒకే ఒక షరతు ఉంది: పైపు నిండుగా ఉండాలి. గాలి దూరిన క్షణం ఆట ముగుస్తుంది.

సైఫానిక్ కమోడ్‌లో ఆ రబ్బరు పైపు పని చేసేది ట్రాప్ దారే. కావాలనే దాన్ని పొడవుగా, సన్నగా, వంపులు తిప్పి చేస్తారు. వ్యాసం తరచుగా 50 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. కమోడ్‌ను పక్క నుండి చూస్తే పాములా వంకరలు తిరిగిన ఆ దారి ఆకారం చాలా మోడళ్లలో బయటికే కనిపిస్తుంది. గిన్నెలో నీటి ఉపరితలం వెడల్పుగా, చాలా పైదాకా ఉంటుంది. కొన్ని మోడళ్లలో గిన్నె అడుగున ట్రాప్ నోటికి ఎదురుగా ఒక రంధ్రం ఉంటుంది. దానిని జెట్ అంటారు. ట్యాంకు నీటిలో కొంత భాగం దాని గుండా నేరుగా ట్రాప్‌లోకి చిమ్ముతుంది.

ఫ్లష్ నొక్కినప్పుడు మొదట గిన్నెలో నీరు పైకి లేస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరకు మొదటిసారి వెళ్లిన మన తల్లిదండ్రులను కంగారుపెట్టే క్షణం ఇదే. ఉత్తర అమెరికా ఇళ్లలో ఎక్కువగా ఉండేవి సైఫానిక్ కమోడ్‌లు. వాష్‌డౌన్‌కు అలవాటుపడిన కంటికి, నీరు అలా లేస్తుంటే కమోడ్ అడ్డుపడి పొంగబోతోందని అనిపిస్తుంది. ఒక క్షణం ఆగితే ట్రాప్ దారి నిండుతుంది, సైఫన్ పట్టుకుంటుంది, గిన్నెలోని నీరంతా ఒక్క లాగులో పోతుంది. చివర గాలి దూరి ‘గ్లగ్’మన్న మింగుడు శబ్దం వస్తుంది.

లాగే బలం ఎంత ఉంటుందో అంచనా వేయవచ్చు. గిన్నె నీటి మట్టానికి, కిందికి దిగే నీటి కొసకు మధ్య తేడా 30 సెం.మీ. అనుకోండి. ఆ ఎత్తు నీటి స్తంభం వల్ల వచ్చే పీడన తేడా దాదాపు 3 కిలోపాస్కల్‌లు. వాతావరణ పీడనం సుమారు 100 కిలోపాస్కల్‌లు, అంటే అందులో ఈ తేడా మూడు శాతమే. అయినా రాపిడి లేదనుకుంటే 30 సెం.మీ. తేడా నీటికి సెకనుకు 2.4 మీటర్ల దాకా వేగం ఇవ్వగలదు. వంపుల్లో రాపిడి వల్ల నిజమైన వేగం దీనికన్నా బాగా తక్కువే ఉంటుంది, కానీ గిన్నెను ఖాళీ చేయడానికి అది చాలు.

5. గీత దాటాలి: రెండు రకాల బలహీనతలో తేడా

ఈ పాఠంలో మీరు తప్పక పట్టుకోవాల్సిన విషయం ఇది. వాష్‌డౌన్‌లో నీటి వేగం కొంచెం తగ్గితే ఫ్లష్ కొంచెం బలహీనపడుతుంది, ఇంకొంచెం తగ్గితే ఇంకొంచెం. సైఫానిక్‌లో అలా కాదు. ట్రాప్ దారిని నింపగలిగేంత వేగంతో నీరు వస్తే పూర్తి ఫ్లష్, రాకపోతే దాదాపు ఏమీ లేదు. నీరు చెరువు మత్తడి మీదుగా పల్చగా జారిపోతుంది, సైఫన్ పట్టదు, మలం గిన్నెలోనే తిరుగుతూ ఉండిపోతుంది. అంటే మొత్తం ఎన్ని లీటర్లు వచ్చాయన్న దానికన్నా సెకనుకు ఎన్ని లీటర్లు వచ్చాయన్నది సైఫానిక్‌కు ముఖ్యం.

లెక్క చేసి చూద్దాం. 6 లీటర్ల ట్యాంకు 3 సెకన్లలో ఖాళీ అయితే ప్రవాహం సెకనుకు 2 లీటర్లు, అంటే 2000 ఘన సెం.మీ. 50 మి.మీ. వ్యాసం ఉన్న ట్రాప్ దారి అడ్డుకోత వైశాల్యం 19.6 చదరపు సెం.మీ.

2000 ÷ 19.6 ≈ 102 సెం.మీ./సెకను

దారి నిండా ప్రవహిస్తే నీటి వేగం సెకనుకు మీటరు పైమాట, సైఫన్‌ను పుట్టించి నిలపడానికి ఇది అనుకూలం. అదే 2 లీటర్లను 90 మి.మీ. వ్యాసం ఉన్న వెడల్పాటి దారిలోకి పంపితే, వైశాల్యం 63.6 చదరపు సెం.మీ. కాబట్టి దారి నిండి ప్రవహించాలంటే వేగం 31 సెం.మీ. మించదు. కిందికి దిగే నీరు దానికన్నా ఎంతో వేగంగా జారిపోతుంది కనుక దారి నిండనే నిండదు. వెడల్పు ట్రాప్‌తో వాష్‌డౌన్ చేయగలం, సైఫన్ చేయలేం. సన్నని ట్రాప్‌తో సైఫన్ చేయగలం, దాంతో పాటే అడ్డుపడే అవకాశాన్నీ తెచ్చుకుంటాం. తడి తుడుపు గుడ్డలు, శానిటరీ ప్యాడ్‌లు ఏ కమోడ్‌లోనూ వేయకూడదు, కానీ సైఫానిక్ వాటిని అస్సలు క్షమించదు.

అమెరికాలో 1992లో వచ్చిన చట్టం ప్రకారం 1994 నుండి కొత్త ఇళ్ల కమోడ్‌లకు ఒక్క ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే సుమారు 6 లీటర్లు, పరిమితి అయింది. అంతకు ముందు ఎక్కువగా ఉన్నవి 3.5 గ్యాలన్లవి. పాత ఆకారాల్లో నీటిని మాత్రం తగ్గించి అమ్మిన తొలి మోడళ్లు సరిగా ఫ్లష్ కాక చెడ్డపేరు తెచ్చుకున్నాయి. ఆ తరువాత తయారీదారులు ట్రాప్ ఆకారాన్ని, ట్యాంకు కింది వాల్వ్ వెడల్పును మార్చి అదే 6 లీటర్లను తక్కువ సమయంలో వదిలేలా చేశాకే పరిస్థితి బాగుపడింది.

ఇక్కడ మన ఇళ్లలో తరచూ జరిగే ఒక పని గురించి చెప్పాలి. నీటి ఎద్దడి కాలంలో ఫ్లష్ ట్యాంకులో లీటరు సీసా పెట్టి నీరు ఆదా చేస్తుంటారు. వాష్‌డౌన్ చాలావరకు దీన్ని తట్టుకుంటుంది. సైఫానిక్ మాత్రం గీత కిందికి జారిపోవచ్చు. అప్పుడు రెండోసారి, మూడోసారి నొక్కాల్సి వచ్చి ఆదా కాస్తా దుబారా అవుతుంది.

ఆలోచించండి: ఇంటి పైన ఉన్న వాటర్ ట్యాంకు ఎత్తు తక్కువైతే ఫ్లష్ బలహీనపడుతుందా?

కమోడ్ వెనుక ఫ్లష్ ట్యాంకు ఉంటే పడదు. ఫ్లష్‌కు శక్తినిచ్చేది ఆ చిన్న ట్యాంకులో నిల్వ ఉన్న నీరు. పైట్యాంకు ఒత్తిడి తక్కువైతే అది నిండటానికి మాత్రమే ఎక్కువ సమయం పడుతుంది. నిమిషానికి 3 లీటర్లు వచ్చే పైపుతో 6 లీటర్లు నిండటానికి రెండు నిమిషాలు చాలు. ఫ్లష్ ట్యాంకు లేకుండా గోడలోని ఫ్లష్ వాల్వ్‌తో నడిచే కమోడ్‌కైతే పైట్యాంకు ఎత్తు, పైపు వెడల్పు రెండూ కీలకమే.

6. బోరు నీళ్ల ఇల్లు: ఒక ఉదాహరణ

కరీంనగర్ పట్టణానికి లోయర్ మానేరు జలాశయం నుండి నీరు వస్తుంది. అయినా చాలా ఇళ్లలో నల్లా నీటిని తాగడానికి, వంటకు ఉంచుకుని, బాత్‌రూముకు బోరు నీరు కలుపుతారు. కరీంనగర్ వైపు గ్రానైట్ రాతి నేలలోనైనా, ఆదిలాబాద్ పడమటి వైపు నల్లరాతి నేలలోనైనా బోరు నీరు తరచుగా కఠిన జలమే. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 కఠినత్వానికి లీటరుకు 200 మి.గ్రా. ఆమోదయోగ్యమని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని చెబుతుంది. ఇంటి బోరు నీటి కఠినత్వం ఎంతో తెలియకపోతే, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతోందా అని చూస్తే చాలు.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించండి. కింది అంతస్తులో పాత వాష్‌డౌన్, పై అంతస్తులో కొత్త సైఫానిక్, రెండింటికీ ఒకే బోరు. ఏడాదిన్నర తరువాత కిందిది ఎప్పటిలాగే ఉంటే, పైది మాత్రం ఒక్కసారి నొక్కితే పని చేయడం లేదు. నీరు లేచి, గిర్రున తిరిగి, మెల్లగా దిగుతోంది. ఇంటివారు కొత్త సరుకులో లోపముందని అనుకుంటారు. మీరు ఇలా పరిశీలించండి.

ముందు ట్యాంకు మూత తీసి నీటి మట్టం లోపలి గీత దాకా ఉందో లేదో చూడండి. తక్కువగా ఉంటే ఫ్లోటు స్క్రూ తిప్పి సరిచేయాలి. మట్టం సరిగానే ఉంటే ఫ్లష్ నొక్కి, నీరు ఖాళీ కావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడండి. మన ఉదాహరణలో కొత్తలో 3 సెకన్లు పట్టింది, ఇప్పుడు 7 పడుతోంది అనుకోండి. 6 లీటర్లను 7తో భాగిస్తే సెకనుకు 0.86 లీటరు, అంటే మునుపటి దానిలో సగం కూడా లేదు. నీటి పరిమాణం తగ్గలేదు, వేగం తగ్గింది.

తరువాత బకెట్ పరీక్ష. ఆరేడు లీటర్ల నీటిని మోకాలి ఎత్తు నుండి, ట్రాప్ నోటి వైపు ఒక్క ఊపున పోయండి. సైఫన్ గట్టిగా పట్టి గిన్నె ఖాళీ అయితే ట్రాప్, బయటి పైపు శుభ్రంగానే ఉన్నాయి, లోపం నీరు వచ్చే దారిలో ఉంది. అలా కాక నీరు గిన్నెలోనే లేచి నిలిచి మెల్లగా దిగితే ట్రాప్‌లోనో, బయటి పైపులోనో అడ్డు ఉంది. కింది అంతస్తు కమోడ్ కూడా అలాగే మెల్లగా దిగుతుంటే బయటి పైపును అనుమానించాలి. బకెట్ పరీక్షలో సైఫన్ పట్టాక గిన్నెలో నీరు బాగా తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి ఒక లీటరు నీరు మెల్లగా పోసి మట్టాన్ని మళ్లీ నింపడం మరచిపోవద్దు. మెల్లగా పోస్తే సైఫన్ పట్టదని ఇందాకే చూశాం.

మన ఉదాహరణలో బకెట్ పరీక్ష నెగ్గింది. ఇక మిగిలింది అంచు కింది రంధ్రాలు, జెట్. చిన్న అద్దం పట్టుకుని అంచు కిందికి చూస్తే రంధ్రాల చుట్టూ తెల్లటి గార కనిపిస్తుంది. కొన్ని పూర్తిగా మూసుకుపోయి ఉంటాయి. ఇదే బోరు నీరు తాగిన వాష్‌డౌన్ ఎందుకు బాగుంది? ఒకటి, చాలా వాష్‌డౌన్ మోడళ్లలో నీరు సన్నని రంధ్రాల గుండా కాక వెడల్పైన చీలిక గుండా వస్తుంది, అది మూసుకుపోవడానికి చాలా కాలం పడుతుంది. రెండు, అక్కడ కూడా వేగం కొంత తగ్గే ఉంటుంది, కానీ దాటాల్సిన గీత లేకపోవడంతో ఎవరూ గమనించలేదు.

గార వదలాలంటే ఆమ్లం కావాలి. ఒక లీటరు వేడి నీటిలో సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించండి. మరిగే నీరు వద్దు, పింగాణీ పగలవచ్చు. రాత్రి పడుకునే ముందు ఆ ద్రావణాన్ని ట్యాంకు లోపల నిటారుగా ఉండే పొంగు గొట్టంలో మెల్లగా పోయాలి. అది అక్కడి నుండి నేరుగా అంచు రంధ్రాల్లోకి, జెట్‌లోకి చేరుతుంది. ఉదయం సన్నని తీగతోనో ప్లాస్టిక్ పుల్లతోనో రంధ్రాలు గుచ్చి, ఫ్లష్ చేసి, మళ్లీ సెకన్లు లెక్కించండి. గార మందంగా ఉంటే ఒక్క రాత్రితో పోదు, రెండు మూడుసార్లు చేయాలి. దుకాణంలో దొరికే ఘాటైన టాయిలెట్ యాసిడ్‌ను ట్యాంకులో పోయకూడదు, లోపలి రబ్బరు, లోహపు భాగాలు పాడవుతాయి. ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్ పౌడర్‌తో కలపడం ప్రమాదం. వెలువడే క్లోరిన్ వాయువు తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణాల మీదికి తెస్తుంది.

సైఫానిక్‌లోనే కనిపించే ఇంకో చిన్న లోపం ఉంది. సైఫన్ గిన్నెను ఖాళీ చేసి పోతుంది కాబట్టి మళ్లీ నీటి మూత నింపే బాధ్యత ఒక సన్నని రబ్బరు గొట్టానిది. ట్యాంకు నిండుతున్నంతసేపూ అది పొంగు గొట్టంలోకి కొంత నీరు పంపుతుంది. మరమ్మతు చేసినప్పుడు ఆ గొట్టం క్లిప్పు ఊడి ట్యాంకులోకి జారితే, ఫ్లష్ బాగానే అవుతుంది కానీ గిన్నెలో నీరు అడుగంటి ఉంటుంది, గదిలో వాసన మొదలవుతుంది. గొట్టాన్ని తిరిగి క్లిప్పుకు తగిలిస్తే సరిపోతుంది. వాష్‌డౌన్‌లో ఫ్లష్ చివరి నీరే మూతను నింపుతుంది కనుక ఈ బాధ సాధారణంగా ఉండదు.

7. శబ్దం

‘సైఫానిక్ చప్పుడు చేయదు’ అని అమ్మేవారు చెప్పే మాట సగమే నిజం. కమోడ్ శబ్దం ఒక్కటి కాదు, ఒకదాని వెనుక ఒకటి వచ్చే నాలుగు శబ్దాలు. వాటిని విడదీసి వినడం అలవాటు చేసుకోండి.

మొదటిది నీరు గిన్నెలోకి పడే శబ్దం. వాష్‌డౌన్‌లో నీరు వేగంగా దూసుకువచ్చి, గాలిని కలుపుకుని, చిన్న నీటి గుంటను ఢీకొంటుంది. అందుకే ఫ్లష్ నొక్కిన క్షణమే పెద్ద హోరు. సైఫానిక్‌లో నీరు వెడల్పైన నీటి మడుగులోకి చేరుతుంది, జెట్ ఉంటే నీటి అడుగునే చిమ్ముతుంది. నీటి లోపల చిమ్మే నీరు గాలిలో దుంకే నీటికన్నా తక్కువ చప్పుడు చేస్తుంది. ఈ దశలో సైఫానిక్ నిజంగానే నెమ్మది. నీటిని సుడిలా తిప్పే సైఫానిక్ రకం జెట్ రకం కన్నా కూడా నెమ్మది.

రెండోది సైఫన్ తెగినప్పటి మింగుడు శబ్దం. ఇది సైఫానిక్ సొంతం. పొట్టిగా ఉన్నా పదునుగా ఉంటుంది. నిద్రలో ఉన్నవారిని వాష్‌డౌన్ హోరు లేపుతుందో, ఈ గ్లగ్ లేపుతుందో మనిషిని బట్టి ఉంటుంది.

మూడోది ట్యాంకు నిండే శబ్దం. దీనికి కమోడ్ రకంతో సంబంధమే లేదు. పాత బాల్ వాల్వ్‌లో నీరు పైనుండి ట్యాంకులోకి పడుతూ నిమిషం, రెండు నిమిషాలు సుయ్‌మంటుంది. ప్రెషర్ పంపు పెట్టిన ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అడుగు నుండి నింపే వాల్వ్ వేసి, కమోడ్ పక్కనున్న యాంగిల్ వాల్వ్‌ను కొద్దిగా తిప్పి తగ్గిస్తే చాలావరకు పోతుంది. కమోడ్ శబ్దం అని ఇంట్లో వాళ్లు విసుక్కునేది చాలాసార్లు ఈ మూడో శబ్దాన్నే. దానికోసం కమోడ్ మార్చడం డబ్బు దండగ.

నాలుగోది మురుగు పైపులో పడే నీటి శబ్దం. పై అంతస్తు కమోడ్ నీరు సన్నని పి.వి.సి. పైపులో కిందికి దూకుతున్నప్పుడు, ఆ పైపు మీ పడకగది గోడలో ఉంటే, పై ఇంటివారిది ఏ రకం కమోడ్ అయినా మీకు వినిపిస్తూనే ఉంటుంది. పైపును ఇంటి బయటి గోడకు వేయడం, క్లాంపుల కింద రబ్బరు పెట్టడం కట్టేటప్పుడే చేయాల్సిన పనులు. వాల్ హంగ్ కమోడ్ గోడకు నేరుగా ఆనితే కంపనం గోడంతా పాకుతుంది, మధ్యలో మెత్తటి షీటు వేయించాలి.

రెండు కమోడ్‌లను పోల్చాలంటే ఒకే ఫోన్‌లో, ఒకే శబ్ద కొలత యాప్‌తో, గిన్నెకు ఒక మీటరు దూరంలో, తలుపు మూసి కొలవండి. ఫోన్ అంకెలు ఖచ్చితం కావు కానీ తేడా చూడటానికి పనికొస్తాయి. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి శబ్దం దాదాపు సగమైనట్లు అనిపిస్తుంది. రెండు మూడు డెసిబెల్స్ తేడా కోసం ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

ఎవరూ ఫ్లష్ చేయకుండానే కమోడ్ గుడగుడమంటే అది వేరే సంగతి. పైన ఎవరో ఫ్లష్ చేసినప్పుడు పైపులోని గాలి మీ ట్రాప్ గుండా వస్తోందని, మురుగు పైపుకు గాలి గొట్టం లేదనో మూసుకుపోయిందనో అర్థం. కొన్నిసార్లు ఆ లాగుడుకు మీ గిన్నెలోని నీటి మూత కూడా తగ్గిపోతుంది. ఆ తరువాత వాసన వస్తుంది.

8. కొనేముందు కొలవవలసినది

పాత కమోడ్ తీసి కొత్తది పెట్టేవారు ముందుగా టేపు తీసుకుని, టైల్స్ వేసిన గోడ నుండి నేలలోని మురుగు రంధ్రం మధ్య వరకు కొలవాలి. మన పాత ఇళ్లలో ఇది తరచుగా 225 మి.మీ., అంటే 9 అంగుళాల దగ్గర ఉంటుంది. సైఫానిక్ మోడళ్లలో చాలావాటికి 300 మి.మీ. కావాలి. కొలత కలవకపోతే కమోడ్ గోడకు ఆనదు, లేదా నేల పగలగొట్టాలి. వంకర తిప్పే జాయింటుతో సర్దుతామని ప్లంబర్ అంటే సైఫానిక్‌కు ఒప్పుకోకండి, ఎందుకంటే ట్రాప్ దాటాక అదనపు వంపు వస్తే నీటి వేగం మళ్లీ తగ్గుతుంది. మురుగు గోడ గుండా బయటికి పోయే ఇళ్లలో, అంటే పి ట్రాప్ ఉన్నచోట, ఎంపిక దాదాపు వాష్‌డౌన్‌కే పరిమితం, సైఫానిక్‌లు ఎక్కువగా నేలలోకి దిగే ఎస్ ట్రాప్‌తోనే వస్తాయి.

నల్లా నీరు కలిపిన, పడకగదిని ఆనుకుని ఉన్న, పెద్దలు మాత్రమే వాడే బాత్‌రూముకు సైఫానిక్ మంచి ఎంపిక. బోరు నీరు మాత్రమే ఉన్న ఇంటికి, వేసవిలో నీళ్లు బకెట్‌తో పోయాల్సి వచ్చే ఇంటికి, అద్దెకిచ్చే వాటాకు వాష్‌డౌన్ కొనడమే తెలివైన పని. బకెట్‌తో సైఫానిక్‌ను నడపవచ్చు, కానీ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆరేడు లీటర్లు ఒక్క ఊపున పోయాలి, పెద్దవయసు వారికి, పిల్లలకు అది సాధ్యం కాదు.

అభ్యాసం: మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఒక కమోడ్ తీసుకుని, ట్యాంకు ఖాళీ కావడానికి పట్టే సెకన్లు, గిన్నెలో నీటి ఉపరితలం వెడల్పు, గోడ నుండి రంధ్రం దూరం రాసుకోండి. ఒక మగ్గు నీళ్లు మెల్లగా, తరువాత ఒక బకెట్ నీళ్లు వేగంగా పోసి రెండుసార్లూ ఏం జరిగిందో గమనించండి. అది వాష్‌డౌనా, సైఫానికా అన్నది ఏ ఆధారంతో నిర్ణయించారో పది వాక్యాల్లో రాయండి.